సంగటి ముద్ద వెంట పోతే: ఏడో తరగతి జీర్ణక్రియ పాఠం, ఒక కేస్ స్టడీ

నేను అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో బయాలజీ చెబుతాను. నేలమీద మనిషి ఆకారం గీసి, కార్డులు పెట్టి జీర్ణక్రియ పాఠం చెప్పడం మొదలుపెట్టి ఇది మూడో ఏడు. మొదటి ఏడు పాఠం ఎందుకు దెబ్బతిన్నదో, రెండో ఏడు ఏం మార్చానో, ఆ మార్పులో కూడా ఎక్కడ తప్పు దొర్లిందో వివరంగా రాస్తున్నాను. ఇదే పాఠాన్ని ఇలాగే చెప్పాలనుకునే టీచర్లకు ఇది పనికొస్తుంది.

మొదటి ఏడు నేను చేసింది చాలామంది చేసేదే. బ్రౌన్ షీట్లు అతికించి ఒక పిల్లవాణ్ణి పడుకోబెట్టి చుట్టూ గీత గీయించాను. అవయవాల పేర్లు పది కార్డుల మీద, వాటి పనులు ఇంకో పది కార్డుల మీద రాసి ఇచ్చాను. పిల్లలు పేరు కార్డును బొమ్మలో పెట్టి, దాని పక్కన పని కార్డును జతచేయాలి. ఇరవై నిమిషాల్లో ఆరు గుంపులూ ముగించాయి. జతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు సంతోషమైంది.

వారం తర్వాత నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఒక అమ్మాయి రాసిన వరస కనిపించింది: నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం, కాలేయం, క్లోమం, చిన్నప్రేగు, పెద్దప్రేగు. పక్క పుస్తకం చూశాను, అందులోనూ అదే. దాదాపు సగం తరగతి తిన్న అన్నాన్ని కాలేయంలోంచి నడిపించింది. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. నేను పది కార్డులూ ఒకే రంగు అట్టమీద, ఒకే సైజులో చేశాను. జీర్ణాశయానికీ కాలేయానికీ కార్డులో తేడా లేదు. బస్సు దారిలో ఊళ్ళపేర్లు రాసినట్టు రాసిచ్చి, ఈ ఊళ్ళో బస్సు ఆగదు అని చెప్పకపోతే పిల్లలు అన్ని ఊళ్ళలోనూ ఆపుతారు.

ఇంకొంచెం తవ్వితే అసలు లోపం బయటపడింది. ఆ కార్డుల ఆటలో ఆహారం అనేదే లేదు. అవయవాలున్నాయి, పనులున్నాయి, తిన్నది మాత్రం ఎక్కడా లేదు. 'జఠరరసాన్ని స్రవిస్తుంది' అనే వాక్యాన్ని జీర్ణాశయం పక్కన పెట్టడానికి ఆ మాట అర్థం కానక్కర్లేదు. 'జఠర', 'జీర్ణ' అన్న మాటల పోలిక చూసి పెట్టేయొచ్చు. నిజంగానే ఒక గుంపు అట్లా పెట్టామని తర్వాత చెప్పింది.

రెండో ఏడు అందుకే ప్లాన్‌ను తలకిందులు చేశాను. అవయవాల కార్డులు తగ్గించి, తిండికి కార్డులు చేశాను. తిండి బొమ్మలో నడవాలి, దారిలో ముక్కలవ్వాలి, కొంత మధ్యలోనే బయటికి వెళ్ళిపోవాలి, మిగిలింది చివరికి చేరాలి. పాఠం మొత్తం ఈ ఒక్క ఆలోచన మీద నడిచింది.

ఏ తిండి అన్నది మొదటి నిర్ణయం. పుస్తకాల్లో సాధారణంగా రొట్టె ముక్కో, అన్నం ముద్దో ఉంటుంది. నేను రాగి సంగటి, దాంట్లోకి నంజుకునే వేరుశనగ పచ్చడి, అదే చెనక్కాయల ఊరిబిండి తీసుకున్నాను. మా పిల్లలు తినేది అదే గనక తీసుకున్నానని అనుకోవద్దు, దానికి పాఠం లెక్కలో బలమైన కారణం ఉంది. సంగటిలో ఎక్కువ భాగం పిండిపదార్థం. చెనిగ్గింజలో నూటికి దాదాపు సగం నూనె, పావు వంతు దాకా మాంసకృత్తులు. రాగిపిండిలో పొట్టు ఉంటుంది గనక పీచుకు కూడా కొదవ లేదు. అంటే ఒక్క కంచంలో, రెండే పదార్థాలతో, జీర్ణవ్యవస్థలోని రసాలన్నిటికీ పని దొరుకుతుంది. ఒట్టి అన్నంతో పాఠం చెబితే పైత్యరసానికి చూపించడానికి పనే ఉండదు. పైత్యరసానికి పని లేకపోతే కాలేయం ఎందుకుందో పిల్లలకు తెలియదు, అప్పుడు దాన్ని దారిలో ఒక ఊరుగా పెట్టేస్తారు.

ఇక కార్డుల తయారీ. ఇది కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే పాఠం నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. పాత పెళ్లిపత్రికల అట్ట వాడాను. మందంగా ఉంటుంది, సులభంగా మడత పడదు. ప్రతి ఇంట్లో నాలుగైదు దొరుకుతాయి గనక పిల్లలే తెచ్చారు.

పిండిపదార్థానికి 24 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ. దాన్ని పెన్సిల్‌తో ఎనిమిది గళ్ళుగా విభజించాను. ఒక్కొక్క గడి ఒక గ్లూకోజ్. మాంసకృత్తులకు కూడా అదే కొలత పట్టీ, కానీ గళ్ళు రకరకాల రంగుల్లో ఉంటాయి, ఎందుకంటే అమైనో ఆమ్లాలు ఒకే రకం కావు. కొవ్వుకు మూడు వేళ్ళు చాచినట్టుండే చిన్న ముక్కలు నాలుగు కత్తిరించి, నాలుగింటినీ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేశాను. అది ఒక నూనె చుక్క. పీచుకు అట్ట వాడలేదు, ఒక చీపురుపుల్ల ముక్క పెట్టాను. నీటికి ఆరు నీలం బిళ్ళలు.

తర్వాత రసాల కార్డులు. ప్రతి రసం కార్డు మీద అది ఏం చేయగలదో, ఎంతవరకు చేయగలదో మాత్రమే రాశాను. లాలాజలం పిండిపదార్థం పట్టీని ఒక్కసారి, మధ్యలో కత్తిరించవచ్చు. అంతకంటే దానికి హక్కు లేదు, ఎందుకంటే ముద్ద నోట్లో ఉండేది కొద్దిసేపే. జఠరరసం మాంసకృత్తుల పట్టీని రెండు మూడు పెద్ద ముక్కలు చేయవచ్చు. క్లోమరసం పిండిపదార్థాన్ని రెండేసి గళ్ళ జతలుగా, మాంసకృత్తులను చిన్న ముక్కలుగా, కొవ్వు ముక్కలను విడివిడి వేళ్ళుగా కత్తిరించవచ్చు. ఆంత్రరసం మిగిలిన జతలను ఒంటి గళ్ళుగా చేస్తుంది. రెండు గళ్ళ జత అంటే మాల్టోజ్, ఒంటి గడి గ్లూకోజ్. మాల్టోజ్ అనే పేరు ఏడో తరగతికి అక్కర్లేదు గనక చెప్పలేదు. కానీ పదో తరగతికి వచ్చినప్పుడు ఇదే పట్టీ గుర్తుచేస్తే చాలు.

పైత్యరసం కార్డు మీద ఒక్క మాటే రాశాను: 'రబ్బరు బ్యాండు తీయి. కత్తెర ముట్టుకోవద్దు.' పైత్యరసంలో ఎంజైములు లేవు. అది కొవ్వును జీర్ణం చేయదు, పెద్ద చుక్కను చిన్న చిన్న చుక్కలుగా విడగొడుతుంది, అప్పుడు క్లోమరసంలోని లైపేజ్‌కు పట్టు దొరుకుతుంది. ఈ తేడా నేను ఎన్నేళ్ళు నోటితో చెప్పినా పరీక్షలో 'పైత్యరసం కొవ్వులను జీర్ణం చేస్తుంది' అనే రాసేవాళ్ళు. రబ్బరు బ్యాండు తీసిన పిల్ల అట్లా రాయలేదు.

రసాలు ఎక్కణ్ణుంచి వస్తాయో ఆ అవయవం దగ్గరే ఆ కార్డు ఉంటుంది. పైత్యరసం కార్డు కాలేయం మీద, దాని కిందనే పిత్తాశయం బొమ్మ. క్లోమరసం కార్డు క్లోమం మీద. పిత్తాశయం నుంచీ, క్లోమం నుంచీ ఒక్కో పచ్చదారం ఆంత్రమూలం దాకా, అంటే చిన్నప్రేగు మొదటి భాగం దాకా వస్తుంది. నియమం ఒక్కటే: తిండి పట్టీలు గుడ్డదారి మీద తప్ప ఎక్కడా నడవకూడదు, రసం కార్డులు పచ్చదారం మీదుగా దారి దగ్గరికి రావాలి. కాలేయం దగ్గరికి గుడ్డదారి పోదు గనక ముద్దను అక్కడికి తీసుకుపోవడానికి వీలే లేదు.

గుడ్డదారి అంటే నిజంగా గుడ్డే. పాత నూలు చీరను నిలువుగా చించితే ఒక్కో పేలిక ఐదున్నర మీటర్లు వస్తుంది. చిన్నప్రేగు పొడవు పాఠ్యపుస్తకంలో 7.5 మీటర్లు. అంటే ఒక పేలిక మొత్తం, దానికి ఇంకో రెండు మీటర్లు ముడి. పెద్దప్రేగు 1.5 మీటర్లు, దానికి వెడల్పాటి వేరే రంగు పేలిక. ఆహారవాహికకు ఒక జానెడు పైచిలుకు, 25 సెంటీమీటర్లు. ఇవి పెద్దవాళ్ళ కొలతలు, మా బొమ్మ ఏడో తరగతి పిల్లవాడిది అని ముందే చెప్పాను. ఆ చీర పేలికను తరగతి గది ఈ గోడ నుంచి ఆ గోడకు పరిచి చూపించి, ఇప్పుడు దీన్ని పొట్టలో సర్దండి అన్నప్పుడు గదిలో అలికిడి మొదలైంది. కొందరు కుప్పగా పోశారు, కొందరు జిలేబీలా చుట్టారు. ఒక గుంపు మాత్రం వరసగా మడతలు పెట్టుకుంటూ, చుట్టూ పెద్దప్రేగు పేలికను చట్రంలాగా తిప్పింది. వాళ్ళ బొమ్మనే అందరికీ చూపించాను.

పాఠానికి రెండు రోజులు, రోజుకో 45 నిమిషాల పీరియడ్. మొదటి రోజు బొమ్మ, అవయవాలు. రెండో రోజు భోజనం. తరగతిలో 36 మంది, ఆరుగురేసి ఆరు గుంపులు. బొమ్మలు మూడు గదిలో, మూడు వరండాలో పరిచాం.

బొమ్మ గీయడంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఎవరు పడుకోవాలన్నది పిల్లలకే వదిలేయాలి, బొద్దుగా ఉన్న పిల్లను పేరుపెట్టి పిలవకూడదు. అబ్బాయిల గుంపులో అబ్బాయి, అమ్మాయిల గుంపులో అమ్మాయి, గీత గీసేది కూడా వాళ్ళే. అమ్మాయిల గుంపుల దగ్గర ఆ పది నిమిషాలు మా తెలుగు మేడమ్ నిలబడ్డారు. పడుకోవడం ఇష్టంలేని ఒక గుంపు గోడకు షీటు అంటించి, నిలబడి గీయించుకుంది. అదీ బాగానే వచ్చింది.

రెండో జాగ్రత్త కుడి ఎడమలది. దీనికి మొదటి ఏడు నేను సిద్ధంగా లేను. వెల్లకిలా పడుకున్న పిల్లవాడి చుట్టూ గీసిన బొమ్మ ముందునుంచి చూసినట్టు వస్తుంది. బొమ్మ కుడి చేయి మనకు ఎడమవైపు ఉంటుంది. 'కాలేయం కుడివైపు' అని పుస్తకంలో చదివిన పిల్లలు తమ కుడివైపు పెడతారు, అంటే బొమ్మకు ఎడమవైపు. అప్పుడు జీర్ణాశయం కూడా తారుమారవుతుంది, పెద్దప్రేగు తిరిగే దిశ కూడా తిరగబడుతుంది. అందుకని పిల్లవాడు లేచేముందే అతని కుడి మణికట్టు దగ్గర షీటు మీద ఎర్ర స్కెచ్‌తో 'కుడి' అని రాయించాను. ఇంత చిన్న పనితో ఆ గందరగోళం పూర్తిగా పోయింది.

జీర్ణాశయం ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇంకో చిక్కు, అది మన భాషలోనే ఉంది. కడుపు నొస్తోంది అని బొడ్డు చుట్టూ చేయి తిప్పి చెబుతాం. కడుపు నిండింది అంటాం. అమ్మ కడుపులో బిడ్డ అంటాం. పిల్లలకు పొట్ట మొత్తం ఒక సంచి, దాంట్లోనే అన్నం, దాంట్లోనే బిడ్డ. ఆరు గుంపుల్లో నాలుగు జీర్ణాశయాన్ని బొడ్డు మీద పెట్టాయి. నేను తప్పని చెప్పలేదు. ఎడమవైపు కింది పక్కటెముకలు తడుముకోమన్నాను. జీర్ణాశయం ఎక్కువ భాగం ఆ ఎముకల కిందనే, ఎడమవైపు పైన ఉంటుందనీ, బొడ్డు చుట్టూ ఉండేది ముఖ్యంగా ప్రేగులనీ చెప్పాను. తర్వాత 'కడుపు', 'జీర్ణాశయం' రెండు మాటలూ బోర్డు మీద రాసి, కడుపు ఒక గది, జీర్ణాశయం ఆ గదిలో ఒక సామాను అని చెప్పాను. ఒక పిల్ల వెంటనే, "అట్లైతే బిడ్డ ఉండేది ఇంకో సామానులోనా సార్?" అంది. అవునమ్మా, దాన్ని గర్భాశయం అంటారు, అది వేరే, అన్నాను. జీర్ణక్రియ పాఠంలో ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. కానీ ఆ మాట అక్కడే విడదీయకపోతే జీర్ణాశయం కూడా స్థిరపడదు.

రెండో రోజు భోజనం మొదలైంది. ప్రతి గుంపుకూ ఒక కవరులో తిండి కార్డులు, ఒక కత్తెర. ఒకరు ముద్ద నడుపుతారు, ఒకరు కత్తెర పట్టుకుంటారు, ఒకరు రసాల కార్డులు చదువుతారు, ఒకరు ఏ చోట ఏం జరిగిందో రాస్తారు, ఇద్దరు చూసి అడ్డు చెబుతారు. కత్తెర పట్టుకున్నవాళ్ళు ఆ చోట రసం కార్డు లేకుండా ఏదీ కత్తిరించకూడదు.

మొదటి నిమిషంలోనే మూడో గుంపు ఆగిపోయింది. నోటి దగ్గర లాలాజలం కార్డు తీసి పట్టీని కత్తిరించబోతే, గుంపులో ఒకడు చేయి పట్టుకున్నాడు.

"సంగటి ఎవురన్నా నములుతారా? మింగేసేదే కదా!"

నిజమే. మా దగ్గర సంగటి నమిలేది కాదు. ముద్ద చేసి, ఊరిబిండిలోనో పులుసులోనో అద్ది, జారవిడిచేది. నమిలితే పెద్దవాళ్ళు నవ్వుతారు. నేను పాఠం ప్లాన్ చేసినప్పుడు నోట్లో పిండిపదార్థం జీర్ణం మొదలవుతుందని ఎంత నమ్మకంగా రాసుకున్నానో, తినే పద్ధతి గురించి అంత ఆలోచించలేదు. ఆట ఆపి ఆ ప్రశ్న అందరి ముందూ పెట్టాను. నమలకుండా మింగితే లాలాజలానికి ముద్ద పైపైనే తగులుతుంది, సమయమూ ఉండదు. మరి అప్పుడు సంగటి జీర్ణం కాదా?

కాసేపు నిశ్శబ్దం. తర్వాత రసాల కార్డులు పట్టుకున్న పిల్ల క్లోమరసం కార్డు చదివింది. పిండిపదార్థాన్ని అది కూడా కత్తిరిస్తుంది కదా అంది. పట్టీని నోట్లో కత్తిరించకుండానే ముందుకు నడపమన్నాను. ఎనిమిది గళ్ళ పట్టీ చెక్కుచెదరకుండా జీర్ణాశయం దాటింది. అక్కడి రసం దాన్ని ముట్టుకోలేదు. ఆంత్రమూలం దగ్గర క్లోమరసం వచ్చి నాలుగు జతలు చేసింది. నమిలి తిన్న గుంపుల్లోనూ చివరికి అవే జతలు వచ్చాయి. పిండిపదార్థం జీర్ణంలో పెద్ద వాటా చిన్నప్రేగుదేనని నేను వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఈ ఏడు ప్లాన్‌లో దీన్ని కావాలనే పెట్టాను: మూడు గుంపులు చెనక్కాయలు నమిలి, జొన్నరొట్టె నమిలి తింటాయి, మూడు గుంపులు సంగటి మింగుతాయి.

ఒక్క జాగ్రత్త. దీని నుంచి 'నమలడం అక్కర్లేదు' అనే మాట పిల్లల నోట రాకూడదు. సంగటి మెత్తగా ఉడికి ఉంటుంది గనక సాగుతుంది. చెనిగ్గింజను నమలకుండా మింగితే దాని ముక్కలు అట్లాగే బయటికొస్తాయని పిల్లలకు బాగా తెలుసు. ఆ మాట వాళ్ళ చేతే చెప్పించాను. ముద్ద పెద్దదైతే గొంతులో అడ్డం పడే ప్రమాదం కూడా ఉందని చెప్పాను.

జీర్ణాశయంలో కార్డులతో చూపించలేనిది ఒకటుంది, అక్కడ గడిచే సమయం. బొమ్మ మీద పట్టీ అరనిమిషంలో దాటిపోతుంది. నిజానికి మామూలు భోజనం జీర్ణాశయంలో రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యం. అందుకని బోర్డు మీద ఒక గడియారం గీసి, ప్రతి మజిలీ దగ్గర ముల్లు జరిపాను. మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకు తింటే, బడి వదిలే వేళకు కూడా కొంత జీర్ణాశయంలోనే ఉంటుందన్నది వాళ్ళకు పెద్ద వింత. పెద్దప్రేగు దగ్గర ముల్లు చాలలేదు. అక్కడ ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది గనక 'రేపు' అని రాయాల్సి వచ్చింది.

తిండి కిందికి జారిపోతుందన్న నమ్మకాన్ని కూడా ఈ బొమ్మ బలపరుస్తుంది, అది దీని సొంత లోపం. షీటు మీద తల పైన, కాళ్ళు కింద, మధ్యలో ముద్ద కిందికి నడుస్తుంది. అందుకు పాత సైకిల్ ట్యూబు ముక్కలో ఒక గోళీ వేసి, గోళీ వెనకాల వేళ్ళతో నొక్కుతూ అడ్డంగా నడిపించాం. తర్వాత ట్యూబును నిలబెట్టి గోళీని పైకి నడిపించాం. పెరిస్టాలసిస్ అనే పేరు అప్పుడు చెప్పాను. ఐదు నిమిషాల పని.

ఇక తిండి బయటికి వెళ్ళే తలుపు. మొదట నేను షీటులో మూడున్నర సెంటీమీటర్ల చీలికలు కోసి, వాటిని చిన్నప్రేగు గోడ అన్నాను. ఒంటి గడి పడుతుంది, పెద్ద ముక్క పట్టదు అని నా లెక్క. రెండో గుంపు ఎనిమిది గళ్ళ పట్టీని నిలువుగా పట్టుకుని సర్రున చీలికలో దూర్చేసింది. కత్తెర అక్కర్లేకుండానే పిండిపదార్థం రక్తంలోకి చేరింది! పట్టీ వెడల్పు మూడే కదా, చీలిక మూడున్నర. నేను పొడవు చూసుకున్నాను, వెడల్పు మరిచాను. మూడుకు మూడు గడి ఏ వైపు తిప్పినా మూడే, కానీ పట్టీ కొస కూడా మూడే.

అప్పటికప్పుడు చీలికల బదులు అగ్గిపెట్టెలు పెట్టాను. సొరుగులో మూడు సెంటీమీటర్ల గడి పడుతుంది. ఆరు సెంటీమీటర్ల జత పట్టదు, సొరుగు మూయలేరు. పెళ్లిపత్రిక అట్ట మందంగా ఉంటుంది గనక మడతపెట్టి దూర్చడమూ అంత తేలిక కాదు. సొరుగు మూసుకుంటేనే రక్తంలోకి పోయినట్టు. ఈ నియమం వచ్చాక కత్తిరించడానికి ఒక కారణం దొరికింది. అంతకుముందు 'సరళ పదార్థాలుగా విడగొట్టబడుతుంది' అన్న వాక్యం పిల్లలకు కంఠస్థం మాత్రమే. ఇప్పుడు సొరుగు మూతపడక, ఇంకో కత్తిరింపు కావాలని వాళ్ళే ఆంత్రరసం కార్డు వెతుక్కున్నారు. చిన్నప్రేగు పేలిక పొడవునా ఆరు అగ్గిపెట్టెలు అంటించి, వాటినే ఆంత్రచూషకాలు అన్నాం. నిజానికి అవి కంటికి సరిగా కనిపించనంత చిన్నవి, లక్షల్లో ఉంటాయి. చిన్నప్రేగు ఏడున్నర మీటర్లు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇంకో పిల్లవాడు చెప్పాడు: "అగ్గిపెట్టెలు ఎక్కువ పట్టల్ల కదా సార్."

నీలం బిళ్ళల్లో ఎక్కువ భాగాన్ని చిన్నప్రేగులోనే వదిలిపెట్టించాను. నీరు పెద్దప్రేగులో పీల్చబడుతుంది అన్నది పుస్తకంలో మాట, అది తప్పు కాదు. కానీ నీటిలో ఎక్కువ వాటా చిన్నప్రేగులోనే రక్తంలోకి వెళ్తుంది, మిగిలిన దాన్ని పెద్దప్రేగు పిండుకుంటుంది. ఆరు బిళ్ళల్లో ఐదు చిన్నప్రేగులో, ఒకటి పెద్దప్రేగులో. నీళ్ళకు వేరే గొట్టం ఉందనుకునే పిల్లలు ప్రతి ఏడూ ముగ్గురు నలుగురు ఉంటారు, తాగినవి నేరుగా మూత్రాశయానికి పోతాయని వాళ్ళ నమ్మకం. నీలం బిళ్ళ కూడా అదే గుడ్డదారి మీద నడిచినప్పుడు వాళ్ళ ముఖాలు చూశాను. ఒకడు బిళ్ళను ఆపి, మూత్రపిండాలకు దారి ఏదని అడిగాడు. రక్తం గుండా, అగ్గిపెట్టె తర్వాత, అన్నాను.

చీపురుపుల్ల ఎవరి కత్తెరకూ లొంగకుండా చివరిదాకా వచ్చింది. పాయువు దగ్గర నవ్వులు వచ్చాయి. వస్తాయి. నేను నవ్వలేదు, కోప్పడలేదు, ఆ మాటను మామూలు గొంతుతో రెండుసార్లు పలికి, చివరికి చేరినవి ఏవో లెక్కరాయమన్నాను. పుల్ల, పెద్దప్రేగు పిండుకోగా మిగిలిన కొంచెం నీరు. ఒక గుంపు దగ్గర రెండు మాంసకృత్తుల ముక్కలు కూడా మిగిలిపోయాయి, జఠరరసం కార్డు వాడటం మరిచారట. క్లోమరసం ఆ పని చాలావరకు పూర్తి చేయగలదని చెప్పి, వెనక్కి పోయి చేయించాను.

ఈ పాఠంలో నాకు బాగా గుర్తుండిపోయింది చివరి పది నిమిషాలు. అగ్గిపెట్టెల నుంచి ఎర్రదారం లాగి 'రక్తం' అని రాసిన కవరులో వేశాను. అన్నం కాలేయంలోకి పోదు అని ఆ రోజు కనీసం ఐదుసార్లు అని ఉంటాను. వెనక వరసలో ఎప్పుడూ పెద్దగా మాట్లాడని అమ్మాయి చేయి ఎత్తింది.

"రక్తం కాలేయంలోకి కూడా పోతాది కదా సార్? అట్లైతే గ్లూకోజ్ పోదా?"

పోతుంది. పోవడమే కాదు, చిన్నప్రేగు నుంచి గ్లూకోజ్‌నూ అమైనో ఆమ్లాలనూ మోసుకొచ్చే రక్తం ముందుగా చేరేదే కాలేయానికి. అక్కడ మిగులు గ్లూకోజ్‌ను గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. మొదటి ఏటి తప్పును సరిచేయాలన్న తొందరలో నేను ఇంకో తప్పు నేర్పబోయాను. కాలేయంలోకి ఏమీ పోదని పిల్లలు రాసుకునేవాళ్ళు. పదో తరగతిలో అది మళ్ళీ అడ్డం వచ్చేది.

ఆ అమ్మాయినే పిలిచి, కవరు ఊడదీసి, ఎర్రదారాన్ని అగ్గిపెట్టెల నుంచి కాలేయం దాకా, అక్కణ్ణుంచి గుండె దిక్కుకు పరిపించాను. అప్పుడు బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. ముద్దగా కాలేయంలోకి పోదు. జీర్ణమై, రక్తంలో కలిసి పోతుంది. కాలేయం దగ్గర ఇప్పుడు రెండు దారాలు ఉన్నాయి: పచ్చది బయటికి, ఎర్రది లోపలికి. కొవ్వు ముక్కల సంగతి వేరు. అవి ఆంత్రచూషకాల్లోని శోషరస నాళాల గుండా వెళ్ళి తర్వాత రక్తంలో కలుస్తాయి. ఏడో తరగతిలో దాన్ని వదిలేసి, కొవ్వునూ అదే అగ్గిపెట్టెలో వేయించాను. ఇది తెలిసి చేసిన సరళీకరణ. పదో తరగతికి ఇదే బొమ్మ వాడేవాళ్ళు అక్కడ ఒక తెల్లదారం కలపాలి.

వారం తర్వాత ముందు చెప్పకుండా రెండు ప్రశ్నలిచ్చాను. ఊరిబిండిలోని నూనెను ఏ ఏ రసాలు, ఎక్కడ, ఏం చేస్తాయి? సంగటిలోని పొట్టు చివరికి ఎక్కడికి చేరుతుంది, ఎందుకు? అవయవాల వరస రాయమని అడగలేదు, ఎందుకంటే వరస కంఠస్థం చేయొచ్చు. ముద్దను కాలేయంలోంచి నడిపినవాళ్ళు ఈసారి ఇద్దరే, ఇద్దరూ రెండో రోజు బడికి రానివాళ్ళు. కానీ పైత్యరసం కాలేయంలో తయారై పిత్తాశయంలో నిల్వ ఉంటుందన్నది చాలామంది తారుమారు చేశారు, పిత్తాశయమే తయారుచేస్తుందని రాశారు. కారణం వెతికితే అదీ నా కార్డుల్లోనే ఉంది: పచ్చదారాన్ని కాలేయం నుంచి కాకుండా, కింద ఉన్న పిత్తాశయం బొమ్మ నుంచి మొదలుపెట్టాను.

ఈ ఏడు పచ్చదారం కాలేయం దగ్గరే మొదలవుతుంది, పిత్తాశయం దగ్గర ఒక ముడి పడుతుంది, తర్వాత ఆంత్రమూలానికి దిగుతుంది. పేలికలు, దారాలు, అగ్గిపెట్టెలు సంచిలో సర్దిపెట్టాను. పెళ్లిపత్రికలు మాత్రం మళ్ళీ కావాలి, పోయిన ఏటివన్నీ ముక్కలైపోయాయి.